బిందెకి ఎన్ని పలకలు? – లో పాలీ ప్రాపులు, చిన్న టెక్స్చర్ల మీద మాట్లాడింది

(రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తీసేసాం, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడతోందా? సరే. నన్ను ప్రాపుల మీద మాట్లాడమన్నారు. ప్రాపులంటే కుర్చీలు, బల్లలు, లాంతర్లు, చెట్లు, అన్నీ వస్తాయి, అన్నిటి గురించీ చెప్తే ఏదీ చెప్పనట్టే. అందుకే ఇవాళ ఒక్క వస్తువు. బిందె. మొత్తం బిందె గురించే. నవ్వకండి, నేను ఆ బిందెతో మూడు వారాలు కాపురం చేసాను.

మా షార్టు ఫిల్ము కథ మీకు తెలీదు కదా, రెండు ముక్కల్లో చెప్తాను. ఊళ్ళో ఒకటే బోరింగు. రాత్రే జనం వచ్చి బిందెలు వరసలో పెట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటారు. తెల్లారేదాకా లైన్లో నిలబడేది మనుషులు కాదు, బిందెలు. మీలో ఎంతమంది ఇది చూసారు? చూసారా, సగం చేతులు లేచాయి. అంటే ఒక్కో బిందె ఒక్కో మనిషికి బదులన్నమాట. స్టీలు బిందె ఒకరిది, సొట్ట పడ్డ స్టీలు బిందె ఇంకొకరిది, పసుపు ప్లాస్టిక్ బిందె కొత్త కోడలిది, అలా. కాబట్టి ప్రాపు బాగా లేకపోతే మాకు క్యారెక్టరే లేదు.

ముందొక మాట. లో పాలీ, అంటే తక్కువ పలకలతో వస్తువు కట్టడం, ఎందుకు? గేమ్ వాళ్ళనడిగితే స్పీడ్ కోసం అంటారు, వాళ్ళకి సెకనుకి అరవై ఫ్రేములు కావాలి, వాళ్ళ బాధ వాళ్ళది. మనకి ఆ బాధ లేదు. మనం ఒక్కో ఫ్రేము నిదానంగా రెండర్ చేసుకుంటాం, బిందెకి రెండొందల ట్రయాంగిల్స్ ఉన్నా ఇరవై వేలున్నా బ్లెండర్‌కి పెద్ద తేడా ఏం ఉండదు. మరి మనకెందుకు? చెక్కినట్టు కనపడే ఆ పలకల చూపు కోసం. ఇంకోటి, డైరెక్టర్ గారు వచ్చి "మెడ కొంచెం సన్నం చెయ్" అంటే పన్నెండు చుక్కలు పట్టుకుని లాగితే అయిపోవాలి. అంటే మన దగ్గర ట్రయాంగిల్ బడ్జెట్ అనేదేం లేదు. మరి ఎన్ని పలకలు పెట్టాలో ఎలా తెలుస్తుంది? అదే అసలు ప్రశ్న.

బ్లెండర్‌లో సిలిండర్ యాడ్ చేస్తే మామూలుగా 32 పలకలతో వస్తుంది. మొదట్లో నేనూ అలాగే మొదలెట్టా. అందరూ అంతే. ఇప్పుడు లెక్క చూడండి, చిన్న లెక్కే, భయపడకండి. గుండ్రటి దాని బదులు పలకలు పెట్టినప్పుడు, పలక మధ్యలో ఆ గీత అసలు వృత్తం కన్నా కొంచెం లోపలికి వెళ్తుంది కదా. ఎంత లోపలికి అంటే 8 పలకలైతే వ్యాసార్థంలో 7.6 శాతం, 12 అయితే 3.4 శాతం, 32 అయితే అర శాతం కూడా లేదు. మా లైన్ షాట్‌లో ముందున్న బిందె తెర మీద సుమారు 200 పిక్సెళ్ళ వెడల్పు. అంటే వ్యాసార్థం 100. ఇంక శాతమే పిక్సెల్ అయిపోయింది, సుఖం. 8 పలకలైతే ఏడెనిమిది పిక్సెళ్ళు కోసేసినట్టుంటది, 12 అయితే మూడు పిక్సెళ్ళు, 32 అయితే ఒక్క పిక్సెల్ కూడా తేడా రాదు. అంటే 32 పెడితే అది లో పాలీనే కాదు, మామూలు గుండ్రటి బిందె. 8 పెడితే బిందె కాదు, నట్టు బోల్టులో నట్టు. మేం 12 దగ్గర ఆగాం. పలక కనపడుతుంది, బిందె అని కూడా తెలుస్తుంది.

అయితే ఇక్కడే ఒక తప్పు చేసాం, చెప్తాను. బిందెకి 12 బాగుంది కదా అని చెంబుకీ 12, బకెట్‌కీ 12, బోరింగు గొట్టానికీ 12 పెట్టేసాం. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చెంబు వేరే సినిమాలోంచి వచ్చినట్టుంది. ఎందుకో అర్థం కాలేదు. ఒక రోజంతా లైటు మార్చాం, రంగు మార్చాం. తప్పు వాటిల్లో లేదు, పలక సైజులో ఉంది. బిందె వెడల్పు 35 సెంటీమీటర్లు, చుట్టుకొలత 110, దాన్ని 12 చేస్తే పలక 9 సెంటీమీటర్లు. చెంబు వెడల్పు 12, చుట్టుకొలత 38, దాన్నీ 12 చేస్తే పలక 3 సెంటీమీటర్లు. పక్కపక్కనే ఒకదాని మీద తొమ్మిది సెంటీమీటర్ల పలక, ఇంకోదాని మీద మూడు సెంటీమీటర్ల పలక. కంటికి ఏం తోస్తుంది? ఒకటి గొడ్డలితో చెక్కారు, ఇంకోటి బాడిసెతో నున్నగా తీసారు అని తోస్తుంది.

చెంబుకి 6 చేసాం, పలక 6 సెంటీమీటర్లు. బకెట్ మూతి 30 సెంటీమీటర్లు, దానికి 10 పెట్టాం, పలక తొమ్మిది చిల్లర. అప్పుడు కుదిరింది. తర్వాత సరదాగా ఇందాకటి లెక్క మళ్ళీ వేసి చూసా, ఈసారి శాతంలో కాదు, సెంటీమీటర్లలో. వృత్తం నుంచి ఎంత కోత పడింది? బిందెకి 0.6, బకెట్‌కి 0.7, చెంబుకి 0.8. చూసారా, మూడింటికీ దాదాపు ఒకటే! మనకి తెలీకుండానే కన్ను చూసుకునేది అదన్నమాట, అన్నిటి మీదా ఒకే ఉలి నడిచిందా లేదా అని. ఇప్పుడు నేను పలకల సంఖ్య గుర్తు పెట్టుకోను. కోత అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోపు ఉందా అని చూస్తాను, అంతే. ఒక్క మినహాయింపు, చెంబు క్లోజప్ ఉంది మాకు, ముసలావిడ చెంబెత్తి తాగుతుంది, అక్కడ 6 మరీ పెన్సిల్ లాగుంది, ఆ ఒక్క షాట్‌కి 8 పలకల చెంబు వేరేగా చేసాం. రూల్ పెట్టుకున్నది మనమే, తప్పేదీ మనమే.

ఇప్పుడు నిలువు సంగతి. బిందెకి భాగాలున్నాయి కదా, మన అమ్మమ్మలే చెప్పారు, అడుగు, పొట్ట, భుజం, మెడ, అంచు. వంపు ఎక్కడ తిరుగుతుందో అక్కడ ఒక రింగు. వంపు తిరగని చోట రింగు దండగ. మాది తొమ్మిది రింగులు: అడుగు ఒకటి, పొట్ట కింద ఒకటి, పొట్ట ఉబ్బెత్తు మీద ఒకటి, భుజం, మెడ, తర్వాత అంచు కింద, అంచు పైన, అంచు లోపల, ఆఖరుది మెడ లోపలికి దించింది. తొమ్మిది రింగుల మధ్య ఎనిమిది పట్టీలు, ఒక్కో పట్టీకి 24 ట్రయాంగిల్స్, అవి 192. అడుగు మూత 10, లోపల నల్లగా కనపడే మూత 10. మొత్తం 212. బిందె లోపలంతా చెయ్యలేదు, మెడ లోపల ఒక చోట మూసేసి నల్ల రంగేసాం, తెర మీద అది లోతు లాగే కనపడుతుంది. స్టాటిస్టిక్స్ ఆన్ చేసుకుంటే మీకు 212 అనే కనపడాలి, 400 చిల్లర కనపడిందా, ఎక్కడో డూప్లికేట్ వేసి అదే చోట వదిలేసారని అర్థం. నాకు రెండు సార్లయింది.

తొమ్మిదింటిలో మూడు రింగులు ఒక్క అంచుకే పెట్టామేంటి అని అడగాలి మీరు. అడగట్లేదు, నేనే చెప్తా. అసలు స్టీలు బిందె అంచు ఎంత మందం? రేకు మందమే, అంచు మడిచినా రెండు మూడు మిల్లీమీటర్లు. మా షాట్‌లో 35 సెంటీమీటర్లకి 200 పిక్సెళ్ళు, అంటే సెంటీమీటరుకి ఆరు పిక్సెళ్ళు కూడా లేవు. రెండు మిల్లీమీటర్ల అంచు తెర మీద ఒక్క పిక్సెల్. కెమెరా కదిలిందంటే ఆ ఒక్క పిక్సెల్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు, మిణుగురు పురుగులా మినుకు మినుకు మంటుంది. స్టిల్‌లో తెలీదు, వీడియోలోనే తెలుస్తుంది. కాబట్టి అంచుని ఒకటిన్నర సెంటీమీటరు లావు చేసాం, తొమ్మిది పిక్సెళ్ళ దాకా వచ్చింది. స్టైలైజ్డ్ అంటే చాలామంది బొద్దుగా ముద్దుగా చెయ్యడం అనుకుంటారు. నా మటుకు నాకు సన్నవి లావు చెయ్యడం సగం ఇందుకే. బకెట్ కడ్డీ కూడా అంతే, బోరింగు గొలుసు కూడా అంతే.

సొట్ట బిందె ఒక నిమిషంలో చెప్పేస్తా. పొట్ట మీద ఒక చుక్క పట్టుకుని లోపలికి నొక్కండి, సొట్ట తయార్. కానీ ఆ చుక్క చుట్టూ ఉన్న నాలుగు పలకలు ఇప్పుడు చదునుగా లేవు, వంకర పోయాయి. నాలుగు మూలల పలక వంకర పోతే మధ్యలో ఎటు మడత పడాలో సాఫ్ట్‌వేర్ తన ఇష్టానికి తీసుకుంటుంది, మీరు లోపలికి నొక్కితే అది బయటికి ఉబ్బినట్టు మడుస్తుంది. ఎదురెదురు రెండు మూలలు సెలెక్ట్ చేసి `J` కొట్టి మడత మీరే వేసెయ్యండి. నాలుగు పలకలకి నాలుగు మడతలు. అప్పుడది సొట్టలా ఉంటుంది, లేకపోతే బిందెకి సెగ్గడ్డ లేచినట్టుంటది.

రంగు దగ్గరికి వద్దాం

మేం ఏ ప్రాపుకీ వేరే టెక్స్చర్ వెయ్యలేదు. షార్టు మొత్తానికి ఒక్క బొమ్మ. 256 బై 256. పై సగంలో 32 పిక్సెళ్ళ చతురస్రాలు, వరసకి ఎనిమిది, నాలుగు వరసలు, మొత్తం 32 రంగులు. కింద సగంలో నిలువు పట్టీలు ఎనిమిది, ఒక్కోటీ పైనుంచి కిందికి రంగు మారుతుంది. ప్రాపుకి రంగెయ్యడమంటే పలకలు సెలెక్ట్ చేసి, యూవీని, అంటే ఏ పలక బొమ్మలో ఏ చోటి రంగు తీసుకోవాలో చెప్పేదాన్ని, కుదించి ఆ చతురస్రం మధ్యలో పెట్టడమే. పెయింటింగే లేదు. దీంట్లో ఉన్న సుఖం ఏంటంటే డైరెక్టర్ గారు ఆఖర్లో "తెల్లవారుజాము కదా, అంతా కొంచెం నీలంగా ఉండాలి" అంటే ఆ ఒక్క బొమ్మలో మార్చాం, వంద ప్రాపులు మారిపోయాయి.

మొదట తెలివి ఎక్కువై ఆ బొమ్మ 8 బై 8 చేసాను, రంగుకొక పిక్సెల్. ఎందుకు వృథా అని. ప్లాస్టిక్ బిందె పసుపు మీద పక్క గడి ఆకుపచ్చ అంటుకున్నట్టు వచ్చింది. ఇమేజ్ టెక్స్చర్ నోడ్‌లో మామూలుగా `Linear` ఉంటుంది, అది పక్క పిక్సెల్‌తో కలిపేస్తుంది. పిక్సెల్ సరిగ్గా నడిమధ్యలో యూవీ ఉంటేనే అసలు రంగు, ఏమాత్రం జరిగినా కల్తీ. `Closest` పెడితే పోతుంది, కానీ అదే బొమ్మలో నా నిలువు పట్టీలు కూడా ఉన్నాయి కదా, అవి `Closest` పెడితే మెట్లు మెట్లుగా వస్తాయి. ఇదీ కావాలి అదీ కావాలి అంటే గడి పెద్దది చెయ్యడమే దారి. 32 పిక్సెళ్ళ గడి మధ్యలో పెడితే `Linear` ఉన్నా పక్కింటి రంగు రాదు.

ఇంకో మాట, చిన్నదే కానీ చాలామంది దీని దగ్గరే ఏడుస్తారు. పాలెట్‌లో నిగనిగలాడే పసుపు, రెండర్‌లో వెలిసిన పసుపు. టెక్స్చర్ తప్పు కాదు అది. బ్లెండర్ 4.0 నుంచి, అంటే 2023 నుంచి, కొత్త ఫైల్ తెరిస్తే వ్యూ ట్రాన్స్‌ఫామ్ `AgX` ఉంటుంది. అది వెలుతురు ఎక్కువైన చోట రంగుని నెమ్మదిగా తెలుపు వైపు తీసుకెళ్తుంది, ఫొటోలా కనపడాలంటే చాలా మంచిది. మనకి బొమ్మలోని రంగే కావాలి. రెండర్ ప్రాపర్టీస్‌లో కలర్ మేనేజ్‌మెంట్‌లో `Standard` పెట్టండి. అయితే `Standard` లో లైటు కాస్త ఎక్కువైతే తెల్లగా పేలిపోతుంది, జాలి లేదు దానికి, కాబట్టి సూర్యుణ్ణి తగ్గించుకోవాలి. ఏది పెట్టుకున్నా మొదటి రోజే పెట్టుకోండి, రంగులన్నీ ఎంచుకున్నాక మార్చితే మళ్ళీ మొదటికొస్తుంది.

ప్లాస్టిక్ బిందె అయిపోయింది, పసుపు గడిలో పెట్టాం, రఫ్‌నెస్ పెంచాం, ఐపోయింది. అసలు కష్టం స్టీలు బిందె. స్టీలుకి ఏ రంగు? చెప్పండి. బూడిద రంగా? బూడిద గడిలో పెట్టండి, సిమెంటు కుండీ వస్తుంది. సరే మెటాలిక్ 1 పెడదాం అంటారు. స్టీలుకి సొంత రంగు లేదండీ, చుట్టూ ఉన్నదాన్ని చూపించడమే దాని పని. మా సీన్‌లో చుట్టూ ఏముంది? నేల, బోరింగు, ఖాళీ ఆకాశం. ఖాళీని అద్దంలో చూపిస్తే ఖాళీయే కనపడుతుంది, అందుకే మురికి పట్టినట్టు వచ్చింది.

కాబట్టి ఆ ప్రతిబింబాన్ని మేమే గీసేసాం. ఇందాకటి నిలువు పట్టీల్లో ఒకటి స్టీలుకి ఇచ్చాం. పైన లేత నీలం, అది ఆకాశం. కిందికొస్తూ దాదాపు తెలుపు. మధ్యకి కాస్త కింద ఒక ముదురు గీత, అది దూరంగా ఉన్న చెట్లూ ఇళ్ళూ. దాని కింద మట్టి రంగు, అది నేల. ఆ ముదురు గీత ఒక్కటీ ఉంటే చాలు, చూసేవాడు "స్టీలు" అంటాడు, అది తీసేస్తే మళ్ళీ సిమెంటే, నేను తీసి చూసాను. మెటాలిక్ సున్నా. యూవీ ఎలా చేసామంటే, ఎదురు నుంచి చూస్తూ `Project From View` కొట్టి, తర్వాత `S X 0`, అడ్డంగా కుదించేసి ఒక నిలువు గీత చేసి, ఆ పట్టీ మధ్యలో నిలబెట్టాం. ఎత్తు ప్రకారం రంగు వస్తుంది.

బ్రహ్మాండంగా వచ్చింది. లైన్ షాట్‌లన్నీ అయిపోయాయి. తర్వాత పిల్ల వచ్చి బిందె ఎత్తి చంకలో పెట్టుకునే షాట్. బిందె పక్కకి వాలింది. ఏమైంది? ఆకాశం కూడా పక్కకి వాలింది. నేల పక్కకి వాలింది. బిందె మీద స్టిక్కర్ అంటించినట్టయింది. నిజం స్టీలు బిందె వాల్చి చూడండి ఇంటికెళ్ళి, బిందె తిరుగుతుంది, దాని మీద వెలుగు తిరగదు, ఆకాశం ఎప్పుడూ పైనే ఉంటుంది. గీసిన ప్రతిబింబానికి ఇదే హద్దు, వస్తువు కదలనంతసేపే.

అలాంటి షాట్లు మాకు ఐదున్నాయి. వాటికి యూవీ వదిలేసాం. పలక ఎటు చూస్తోంది అన్నదాన్ని బట్టి రంగు. జామెట్రీ నోడ్‌లో `Normal` తీసుకుని, `Separate XYZ` లో జెడ్ ఒక్కటీ పట్టుకోండి. పైకి చూసే పలకకి 1, పక్కకి చూసేదానికి 0, కిందికి చూసేదానికి మైనస్ 1. దాన్ని `Map Range` తో సున్నా నుంచి ఒకటి మధ్యకి తెచ్చి, కలర్ ర్యాంప్‌లో కుడి నుంచి ఎడమకి అవే ఆకాశం, తెలుపు, ముదురు, మట్టి. ఇప్పుడు బిందె ఎటు వాల్చినా పైకి చూసే పలకే ఆకాశం రంగు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను, మీరు పడకండి. టెక్స్చర్ కోఆర్డినేట్ నోడ్‌లో కూడా `Normal` అని ఒకటి ఉంటుంది. పేరు అదే. కానీ అది వస్తువు లెక్కలో ఇస్తుంది, వస్తువుతో పాటు తిరిగిపోతుంది, మళ్ళీ స్టిక్కరే. జామెట్రీ నోడ్‌దే ప్రపంచం లెక్కలో ఉంటుంది. ఒక సాయంత్రం మొత్తం పోయింది నాకు దాని మీద.

ఇంకోటి, కార్టూన్ లాగుంటదని కలర్ ర్యాంప్‌లో `Constant` పెట్టాలనిపిస్తుంది. నిలబడ్డ బిందెకి బానే ఉంటుంది. కదిలే బిందెకి పెడితే ఒక్కో పలకా ఫ్లాట్ షేడింగ్‌లో ఒకే రంగు కదా, హద్దు దాటగానే పలక మొత్తం టక్కున మారుతుంది, పన్నెండు పలకలు టక్ టక్ టక్, సీరియల్ బల్బుల్లాగా. `Linear` పెట్టండి, పలక మెల్లిగా మారుతుంది.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, అమ్మా చెప్పు. ... మరి మొదటి నుంచీ అన్ని షాట్లకీ రెండో పద్ధతే పెట్టొచ్చు కదా అంటోంది. మంచి ప్రశ్న. పెట్టి చూసాం. నార్మల్ పద్ధతిలో రంగు పలకకి ఒకటే, కాబట్టి ఆ ముదురు గీత గీతలా రాదు, ఆ వరసలో పలకలన్నీ మొత్తం ముదురైపోతాయి. మాది పొట్ట కింద ఒకటే వరస, అది మొత్తం నల్లగా అయ్యి బిందెకి బెల్టు పెట్టినట్టయింది. గీసిన పట్టీలో ఐతే గీత పలక మధ్యలో నుంచి వెళ్తుంది, ఎంత సన్నం కావాలంటే అంత సన్నం. చంకలో బిందె రెండు సెకన్లుంటుంది, కదులుతూ ఉంటుంది, బెల్టు ఎవరూ చూడరు. లైన్‌లో బిందె ఎనిమిది సెకన్లు కదలకుండా ఉంటుంది. అందుకని నిలబడ్డ వాటికి పట్టీ, కదిలే వాటికి నార్మల్, ఒకే షాట్‌లో నిలబడి తర్వాత లేచే బిందెకి మిక్స్ నోడ్ పెట్టి లేచే నాలుగు ఫ్రేముల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి కీ చేసాం. ఆ నాలుగు ఫ్రేములు ఆపి చూస్తే తెలుస్తుంది. చూపిస్తా, లైట్లు కొంచెం తగ్గించండి.